రేకులు లేచిపోయిన మర్నాడు రాయాల్సిన ఉత్తరం

వేసవిలో, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలిదుమారం కోళ్ల షెడ్డుకు తుపానుకన్నా పెద్ద గండం. తుపానుకు రెండు మూడు రోజుల ముందే హెచ్చరిక వస్తుంది. గాలిదుమారం అరగంటలో ముగిసిపోతుంది, ముందుగా చెప్పి రాదు. షెడ్డు కట్టిన తీరు కూడా దానికి కలిసొస్తుంది. పక్కగోడలు అడుగు, అడుగున్నర ఎత్తుకు మించవు. ఆపైన జాలీ, జాలీకి పరదాలు ఉంటాయి. పరదా చిరిగితే గాలి లోపలికి దూరి కప్పును కింద నుంచి పైకి తోస్తుంది, అదే సమయంలో కప్పు మీదుగా పరుగెత్తే గాలి పైనుంచి పీలుస్తుంది. రెండూ కలిసిన చోట సిమెంటు రేకు నిలవదు. మొదట లేచేవి చూరు దగ్గరివి, కొప్పు దగ్గరివి, షెడ్డు చివరి మూలల్లోవి.

ఆ మర్నాడు రైతు బీమా కంపెనీకి రాసే ఉత్తరాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ‘నేను పేద రైతును. నిన్నటి గాలివానకు నా షెడ్డు మొత్తం ధ్వంసమైంది. సర్వం కోల్పోయాను. దయతో త్వరగా వచ్చి చూసి నష్టపరిహారం ఇప్పించగలరు.’ ఇందులో బాధ నిజమే. కానీ కంపెనీ గుమాస్తాకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. పైగా ‘మొత్తం ధ్వంసమైంది’ అన్న మాట తర్వాత రైతుకే అడ్డం తిరుగుతుంది. వచ్చి చూసినవాడికి ఎనభై శాతం కప్పు చెక్కుచెదరకుండా కనిపిస్తే, మిగతా మాటలనూ అనుమానంతోనే చదువుతాడు.

త్వరగా రమ్మని అడగడానికి దయకన్నా గట్టి కారణం రైతు చేతిలోనే ఉంది. బీమా పాలసీ అతని మీద ఒకేసారి రెండు బాధ్యతలు పెడుతుంది. జరిగిన నష్టం ఇంకా పెరగకుండా చూసుకోవాలి, అది మొదటిది. పాడైన వస్తువును కంపెనీ మనిషి చూసేదాకా ఉన్నదున్నట్టు ఉంచాలి, ఇది రెండోది. పైకప్పు విషయంలో ఈ రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. షెడ్డులో పందొమ్మిది రోజుల కోళ్లు ఉన్నాయి. మళ్లీ వాన పడితే కింద పరిచిన వరి పొట్టు తడుస్తుంది, అమోనియా ఘాటు లేస్తుంది, పిల్లలు చలికి ఒకదానిమీద ఒకటి ఎక్కి నలిగి చస్తాయి. కప్పితే సాక్ష్యం చెదురుతుంది, కప్పకపోతే కోళ్లు పోతాయి. మంచి ఉత్తరం ఈ చిక్కును కంపెనీ బల్ల మీద పెట్టి, ఫలానా గంట దాకా ఆగుతాను, ఆ తర్వాత ఆగలేను అని తేల్చి చెబుతుంది.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. సిద్దిపేట జిల్లాలో ఒక రైతు. షెడ్డు 200 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, తూర్పు పడమరలుగా ఉంది. బ్యాంకు అప్పుతో కట్టాడు. ఒక కంపెనీతో ఒప్పందం మీద బ్రాయిలర్ పెంచుతున్నాడు, లోపల అయిదు వేల పిల్లలు. పదడుగులకో ట్రస్సు చొప్పున మొత్తం 21 ట్రస్సులు. గాలికి తూర్పు చివర 40 అడుగుల మేర, దక్షిణపు వాలు మీది రేకులు పోయాయి. సిమెంటు రేకు పరిచాక సుమారు మూడుంపావు అడుగుల వెడల్పు కప్పుతుంది, కాబట్టి 40 అడుగులకు వరసకు పన్నెండు. వాలుకు పదడుగుల రేకులు రెండు వరసలు. అంటే ఇరవై నాలుగు రేకులు లేచిపోయాయి. ఆ పక్కనే ఇంకో తొమ్మిది పగుళ్లిచ్చాయి. కొప్పు ముక్కలు పన్నెండు జతలు పోయాయి, రెండు ఇనుప పర్లిన్లు వంగాయి.

అతను ఇలా రాస్తే బాగుంటుంది:

‘బ్రాంచి మేనేజరు గారికి నమస్కారాలు.

విషయం: గాలివానకు కోళ్ల షెడ్డు పైకప్పు నష్టం, వెంటనే తనిఖీ కోరడం గురించి. పాలసీ నంబరు ……, క్లెయిము నంబరు …….

అయ్యా, నా షెడ్డుకు మీ దగ్గర బీమా ఉంది. 18వ తేదీ సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో మా ఊళ్లో గాలిదుమారంతో వాన కురిసింది. షెడ్డు తూర్పు చివర 17వ ట్రస్సు నుంచి 21వ ట్రస్సు దాకా, దక్షిణం వైపు వాలు మీద 24 రేకులు లేచిపోయాయి. ఆ పక్కన 9 రేకులు పగిలాయి. 12 జతల కొప్పు ముక్కలు పోయాయి, 2 పర్లిన్లు వంగాయి. మిగతా కప్పు బాగానే ఉంది. ఈ సంగతి ఆ రాత్రి ఎనిమిదిన్నరకు మీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి చెప్పాను.

షెడ్డులో 19 రోజుల వయసున్న 5,000 కోడిపిల్లలు ఉన్నాయి. అవి తడవకుండా 19వ తేదీ ఉదయం ఫోటోలు, వీడియో తీసిన తర్వాతే టార్పాలిన్ పట్టాలు కట్టాను. పట్టాలు విప్పి చూపించగలను. పడిపోయిన రేకుల ముక్కలు, హుక్కు బోల్టులు పడినచోటే ఉంచాను, వంగిన పర్లిన్లు తీయలేదు. 

మళ్లీ వాన వచ్చే సూచన ఉంది, పట్టాలు గాలికి ఎక్కువ రోజులు ఆగవు. కాబట్టి 21వ తేదీ సాయంత్రంలోగా మీ సర్వేయరును పంపగోరుతున్నాను. ఆలోగా రావడం కుదరకపోతే వీడియో కాల్‌లో చూసి, రిపేరు మొదలుపెట్టడానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి. రెండూ జరగని పక్షంలో కోళ్లను కాపాడుకోవడానికి 22వ తేదీ ఉదయం రేకులు వేయించడం మొదలుపెడతాను. పాత రేకుల ముక్కలు, బోల్టులు మీరు చూసేదాకా ఒక పక్కన భద్రంగా ఉంచుతాను.

మేస్త్రీ రాసిచ్చిన అంచనా రూ. 90,000. ఫోటోలు, పాలసీ నకలు జత చేశాను. ఈ ఉత్తరం నకలు అప్పిచ్చిన బ్యాంకు మేనేజరు గారికి కూడా ఇచ్చాను.’

కింద సంతకం, ఫోన్ నంబరు, షెడ్డుకు దారి గుర్తులు. అంతే. ఒక పేజీ దాటలేదు.

ఇందులో ‘మిగతా కప్పు బాగానే ఉంది’ అన్న చిన్న వాక్యం రాయడానికి చాలామందికి చెయ్యి రాదు. నష్టాన్ని తక్కువ చేసి చూపినట్టవుతుందని భయం. నిజానికి పైన చెప్పిన అంకెలకు బలం ఇచ్చేది ఆ వాక్యమే. ట్రస్సు నంబర్లు కూడా అంతే. స్తంభాల మీద సుద్దముక్కతో ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా అంకెలు వేసి, ఆ అంకె కనబడేలా ఫోటో తీస్తే, పట్టా కప్పాక కూడా ఏ ఫోటో ఎక్కడిదో వాదన ఉండదు. ముందు దూరం నుంచి షెడ్డు మొత్తం, తర్వాత పాడైన భాగం, చివరికి దగ్గరగా బోల్టులు, రేకు అంచులు తీయాలి. ఈ చివరి ఫోటోలు ఎవరూ తీయరు. సర్వేయరు చూసేది మాత్రం వాటినే.

ఎందుకంటే అతని మనసులో ఉండే ప్రశ్న ఒకటే. ఇది గాలి చేసిన పనా, ఏళ్ల తరబడి పట్టించుకోక పాడైన కప్పా? గాలివాన నష్టానికి పాలసీ డబ్బిస్తుంది, అరుగుదలకు ఇవ్వదు. ఆ తేడాను అతను ముక్కలు చూసి పట్టేస్తాడు. సిమెంటు రేకు కొత్తగా విరిగితే అంచు శుభ్రంగా లేత బూడిద రంగులో ఉంటుంది. పాత పగులైతే లోపలి అంచుకు కూడా నలుపు, పాచి పట్టి ఉంటాయి. గాలి రేకును లాగేసినప్పుడు బోల్టు దాని చోటనే మిగిలి, వాషరు కింద చిన్న రేకు ముక్క ఇరుక్కుని కనిపిస్తుంది, లేదా జె ఆకారపు హుక్కు సాగి నిటారుగా అవుతుంది. అలాకాక హుక్కు తుప్పుపట్టి సన్నబడి మధ్యలో తెగి ఉంటే, గాలి మామూలుదే, కప్పే నీరసపడింది అని రాస్తాడు. ముక్కలన్నీ ఒకే వైపు పడి ఉండటం, పక్క చేలో చెట్లు అదే దిక్కుకు వాలడం కూడా రైతు పక్షాన మాట్లాడే సాక్ష్యాలు. మర్నాడు పొద్దున్నే కూలీలను పెట్టి ముక్కలన్నీ ఎత్తించి గుంటలో పోయించే రైతు తన సాక్షులను తానే సాగనంపుతున్నాడు. (ఆ ముక్కల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. వాటిని కదపాల్సి వస్తే నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కాదు, సరైన మాస్కు కట్టుకుని కదపాలి. పగలగొట్టకూడదు.)

గాలి వీచిందని రుజువు చేయడం తుపానులో తేలిక. గాలిదుమారం అయితే పక్క ఊళ్లో ఆకు కూడా కదిలి ఉండకపోవచ్చు. మండలంలో ఉన్న ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం నమోదు చేసిన ఆ సాయంత్రపు వివరాలు, తహసీల్దారు కార్యాలయం వారు చేసిన పంచనామా, మర్నాటి జిల్లా ఎడిషన్‌లో వచ్చిన వార్త కత్తిరింపు, ఇవి తర్వాత జతచేయొచ్చు. వీటికోసం ఉత్తరాన్ని ఆపకూడదు. పంచనామా ప్రభుత్వం ఇచ్చే సాయానికి సంబంధించింది. బీమా కంపెనీకి అది ఆధారమే కానీ, దాన్ని చేయించినంత మాత్రాన కంపెనీకి తెలిపినట్టు కాదు.

ఇలాంటి పొరపాటే ఇంకొకటి. పంట బీమాలో నష్టాన్ని 72 గంటల్లో చెప్పాలన్న మాట ఊళ్లలో బాగా నాటుకుంది. ఆ లెక్కన షెడ్డు రేకుల సంగతి కూడా వ్యవసాయ అధికారికి చెప్పి, పని అయిపోయిందనుకునేవాళ్లున్నారు. ఫసల్ బీమా పంటకే. షెడ్డుకు ఉండేది ఆస్తి బీమా, చాలాచోట్ల ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అన్న పేరుతో. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే నమూనాలో అమ్ముతున్న పాలసీ ఇది. ఒకచోట ఉన్న ఆస్తి విలువ అయిదు కోట్లు మించని చిన్న వ్యాపారాలకు వర్తిస్తుంది. ఉండే ఇంటికైతే ‘భారత్ గృహ రక్ష’. గడ్డి, తాటాకు కప్పుల సంగతి వేరు. వాటిని కచ్చా కట్టడాలుగా లెక్కేస్తారు, కాబట్టి పాలసీ తీసుకునేటప్పుడే అడిగి తేల్చుకోవాలి.

అసలు పాలసీ కాగితం రైతు చేతిలో ఉండకపోవడం మరో ఇబ్బంది. బ్యాంకు అప్పు ఇచ్చినప్పుడు బీమా తనే చేయించి, ప్రీమియం ఖాతాలోంచి తీసుకుంటుంది. కాగితం ఫైల్లో ఉండిపోతుంది. గాలివాన వచ్చిన రాత్రి పాలసీ నంబరు కోసం వెతుకులాట మొదలవుతుంది. ఖాతా పుస్తకంలో ప్రీమియం కోత పడిన తేదీ చూపిస్తే బ్యాంకు నంబరు తీసి ఇవ్వగలదు. నంబరు దొరికేదాకా ఉత్తరం ఆపాల్సిన పని లేదు. పేరు, షెడ్డు చిరునామా, బ్యాంకు శాఖ రాసి పంపితే కంపెనీ వెతుక్కుంటుంది.

కోళ్ల గురించి ఉత్తరంలో రాయడం తనిఖీ తొందరకు కారణం చూపడానికే. ఒప్పంద పెంపకంలో పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. రైతువి షెడ్డు, శ్రమ. చనిపోయిన పిల్లలకు ఈ పాలసీ కింద డబ్బు అడిగితే క్లెయిము మొత్తం అనుమానంలో పడుతుంది. వాటి సంగతి పెంపకం కంపెనీ సూపర్‌వైజరుకు విడిగా, అదే రోజు తెలపాలి.

ఇక తొందర విషయానికి వస్తే, రైతు పెట్టిన మూడు రోజుల గడువు గొంతెమ్మ కోరిక కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం క్లెయిము తెలిసిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి. నియమించిన 15 రోజుల్లో అతని నివేదిక రావాలి, నివేదిక అందిన ఏడు రోజుల్లో కంపెనీ తన నిర్ణయం చెప్పాలి. ఆ 24 గంటల గడియారం తిరగడం మొదలయ్యేది సమాచారం అందిన క్షణం నుంచి. అందుకే ముందు ఫోను, ఫోనులో ఇచ్చిన క్లెయిము నంబరు, తర్వాత ఆ నంబరుతో ఉత్తరం. ఉత్తరాన్ని ఈమెయిల్ చేసినా, బ్రాంచిలో ఇచ్చినా పర్వాలేదు. బ్రాంచిలో ఇస్తే నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ‘ఇచ్చేసి వచ్చాను’ అనే మాటకు ముద్ర లేకపోతే విలువ లేదు.

ఇంకో మాట. నష్టం లక్ష రూపాయల లోపైతే లైసెన్సున్న సర్వేయరు రావాల్సిందే అని చట్టం బలవంతపెట్టదు. కంపెనీ తన ఉద్యోగిని పంపొచ్చు, ఫోటోలతోనే తేల్చొచ్చు. తొంభై వేల నష్టమున్న మన రైతు వీడియో కాల్ మాట ఎత్తింది అందుకే. అంచనాను లక్ష దాటించి రాయిస్తే ‘పెద్ద కేసు’ అవుతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దానివల్ల జరిగేది ఆలస్యమే.

ఆ తొంభై వేలు ఎలా వచ్చాయో అంచనా కాగితంలో విడివిడిగా ఉండాలి. అనుకున్న ధరల్లో 33 రేకులు ఒక్కోటి 1,100 చొప్పున 36,300, కొప్పు ముక్కలు 7,200, హుక్కులు, వాషర్లు 4,500, పర్లిన్లు 12,000, కూలి, పరంజా 30,000. టార్పాలిన్ పట్టాల బిల్లు వేరేగా దాచుకోవాలి. నష్టం పెరగకుండా పెట్టిన ఖర్చుగా దాన్ని అడగొచ్చు.

ఇంత చేసినా చేతికి తొంభై వేలు రాకపోవచ్చు. దాని మూలం ఉత్తరంలో లేదు, అప్పు తీసుకున్న రోజున ఉంది. ఈ షెడ్డును ఇప్పుడు కొత్తగా కట్టాలంటే పదిహేను లక్షలు అవుతుందనుకుందాం. బ్యాంకు తన అప్పు మేరకు తొమ్మిది లక్షలకే బీమా చేయించింది. అంటే అసలు విలువలో అరవై శాతానికే రక్షణ ఉంది. అప్పుడు ఏ నష్టంలోనైనా అరవై శాతమే ఇస్తారు. తొంభై వేలకు యాభై నాలుగు వేలు, అందులోంచి పాలసీలో రాసిన తప్పనిసరి కోత పోగా మిగిలింది. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో ఈ కొరత 15 శాతం దాటకపోతే పట్టించుకోరు. మన ఉదాహరణలో కొరత నలభై. గృహ రక్షలో ఇంటి వైశాల్యం, నిర్మాణ ఖర్చు సరిగా చెబితే ఈ కోతే ఉండదు. షెడ్డుకు ఆ వెసులుబాటు లేదు. ప్రతి ఏడూ రెన్యువల్ అప్పుడు కట్టుబడి ఖర్చు పెరిగినంత మేర బీమా మొత్తం పెంచమని బ్యాంకుకు రాసివ్వడమే దీనికి మందు.

సర్వేయరు వచ్చిన రోజు రైతు పక్కనే ఉండి, అతను లెక్కపెట్టిన రేకుల సంఖ్య తన ఉత్తరంలోని సంఖ్యతో కలిసిందో లేదో అక్కడే చూసుకోవాలి. తేడా వస్తే అప్పుడే చూపించాలి. ఇక రిపేరు మొదలుపెట్టొచ్చా అని అడిగి, ఆ జవాబును మెసేజ్ రూపంలో తీసుకోవాలి. తెల్ల కాగితం మీద, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకూడదు. పూర్తి, తుది పరిష్కారంగా ఒప్పుకుంటున్నాను అని రాసి ఉన్న వోచరు ఇస్తే, మొత్తం ఎలా లెక్కకట్టారో చూపే కాగితం అడిగి చదివిన తర్వాతే సంతకం.

నెల గడిచినా జవాబు లేకపోతే, లేదా ఇచ్చిన జవాబు నచ్చకపోతే, ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఐఆర్‌డీఏఐ వారి ‘బీమా భరోసా’లో 155255 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. కంపెనీకి రాసి నెలైనా తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, యాభై లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాది లోపు వెళ్లాలి. అక్కడ మొదట అడిగే కాగితం ముద్ర వేయించుకున్న ఆ మొదటి ఉత్తరం నకలే.

డబ్బు మంజూరయ్యాక అది నేరుగా రైతు చేతికి రాదు. పాలసీలో బ్యాంకు పేరు ఉంటుంది కాబట్టి అప్పు ఖాతాలో పడుతుంది. కొన్ని శాఖలు దాన్ని పాత బకాయిలో జమ చేసేసుకుంటాయి, రేకులకు మళ్లీ చేబదులు వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకే బ్యాంకు మేనేజరుకు ఉత్తరం నకలు ఇచ్చేటప్పుడే ఇంకో రెండు వాక్యాలు కలిపి రాయాలి: క్లెయిము సొమ్ము షెడ్డు రిపేరుకే విడుదల చేయాలని, రేకుల బిల్లులు సమర్పిస్తానని.